పతనధోరణిలో ర్యాలీని అమ్మడం: తగ్గుతున్న చలన సగటు, స్క్వీజ్ నియంత్రణ - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తన వద్ద లేని షేరును ముందుగా అమ్మి, ధర తగ్గాక కొని లెక్క సరిచూసుకోవడాన్ని షార్ట్ సెల్లింగ్ అంటారు. తెలుగు పత్రికల వాణిజ్య పుటలు ఈ మాటను యథాతథంగానే వాడుతున్నాయి. ‘లేని షేరు అమ్మకం’ అన్న తెలుగు వివరణ కొంచెం వ్యంగ్యంగా ధ్వనించినా, ఈ వ్యాపారంలోని ప్రమాదాన్ని అదే బాగా సూచిస్తుంది. లేనిదాన్ని అమ్మినవాడు ఎప్పటికైనా దాన్ని సంపాదించి తీరాలి. ఆ వస్తువు బజారులో దొరకని రోజు వస్తే ఏమవుతుందన్నది ఈ వ్యాసంలో ప్రధానంగా పరిశీలించే అంశం.

దీర్ఘకాలంగా పడిపోతున్న షేరు మధ్యమధ్య కొద్దిరోజులు పెరుగుతుంది. ఆ పెరుగుదల, తగ్గుతున్న చలన సగటును తాకి వెనుదిరిగినప్పుడు అమ్మాలన్నది ఒక పాత పద్ధతి. 1960 దశకంలో అమెరికన్ విశ్లేషకుడు జోసెఫ్ గ్రాన్‌విల్ పేరుతో ప్రచారంలోకి వచ్చిన చలన సగటు సూత్రాలలో ఇది ఒకటి. పద్ధతి సులభమైనదే. అది ఏ విషయాన్ని చూడలేదో గుర్తించడం మాత్రం అంత సులభం కాదు.

చలన సగటు చెప్పేది ఎంత?

50 రోజుల చలన సగటు అంటే గత 50 ట్రేడింగ్ రోజుల ముగింపు ధరల సగటు. ప్రతిరోజూ కొత్త ధర ఒకటి చేరుతుంది, అత్యంత పాత ధర ఒకటి తొలగిపోతుంది. చేరిన ధర తొలగిన ధర కంటే తక్కువైతే సగటు తగ్గుతుంది. ఒక షేరు ఈరోజు 432 రూపాయల వద్ద ముగిసిందనుకుందాం. లెక్కలోంచి తొలగిన పాత ధర 490 అయితే, తేడా 58 రూపాయలు. దాన్ని 50తో భాగిస్తే సగటు ఈరోజు సుమారు 1 రూపాయి 16 పైసలు తగ్గినట్టు. షేరు ధర నిన్నటికంటే పెరిగినా సగటు తగ్గుతూనే ఉంటుంది.

కనుక తగ్గుతున్న సగటు భవిష్యత్తును సూచిస్తోందని అనుకోవడం పొరపాటు. ఇప్పటి ధర సుమారు రెండున్నర నెలల కిందటి ధర కంటే తక్కువగా ఉందని మాత్రమే అది చెబుతుంది. అయితే ఆ సమాచారం నిరుపయోగమైనది కాదు. ఆ కాలంలో కొన్నవారిలో అధికులు సగటున నష్టంలో ఉంటారు. ధర సగటును సమీపించినప్పుడు పెట్టిన డబ్బు తిరిగి వస్తే చాలునని వారిలో కొందరు అమ్ముతారు. ర్యాలీ అక్కడ ఆగడానికి సాధారణంగా చెప్పే కారణం ఇదే. ఇది నియమం కాదు, తరచుగా కనిపించే ప్రవృత్తి మాత్రమే.

విద్యావిషయక పరిశోధన కూడా ఈ పద్ధతికి పరిమితమైన మద్దతునే ఇస్తుంది. బ్రాక్, లకోనిషాక్, లెబరాన్ 1992లో ప్రచురించిన అధ్యయనం డౌజోన్స్ సూచీ 1897 నుంచి 1986 వరకు నడిచిన తీరును పరిశీలించింది. చలన సగటు అమ్మకపు సంకేతం ఇచ్చిన తరువాత రాబడి రుణాత్మకంగా ఉందనీ, అదే కాలంలో ధరల ఒడుదొడుకులు ఎక్కువగా ఉన్నాయనీ అందులో తేలింది. ఈ వ్యాస విషయానికి రెండవ అంశమే ముఖ్యం. అమ్మడానికి అనుకూలమైన కాలమే హఠాత్తుగా పైకి ఎగిరే రోజులున్న కాలం కూడా.

అమ్మకపు విధానం

ఒక ఊహా ఉదాహరణను తీసుకుందాం. ఒక షేరు మూడు నెలల్లో 500 నుంచి 400 రూపాయలకు పడింది. పది రోజుల కిందట 442గా ఉన్న 50 రోజుల సగటు ఇప్పుడు 430కి దిగింది. షేరు 400 నుంచి పెరిగి, ఒక రోజు 434ను తాకి 432 వద్ద ముగిసింది. చాలామంది తాకగానే అమ్ముతారు. వేచి ఉండటం మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మరునాడు షేరు ముందురోజు కనిష్ఠ ధర అయిన 424 కంటే కిందికి వచ్చి 421 వద్ద ముగిస్తే, ర్యాలీ విఫలమైందనడానికి ఒక ఆధారం దొరికినట్టు. తరువాతి రోజు 420 వద్ద అమ్మకం జరుగుతుంది. వేచి ఉన్నందుకు 10 రూపాయలు పోయాయి. కానీ సగటును దాటుకుని సాగిపోయే ర్యాలీలలో చిక్కుకోకుండా ఉండటానికి అది చెల్లించే మూల్యం.

ర్యాలీ గరిష్ఠం 434. దానికి రోజువారీ సగటు కదలికలో సగం కలిపి, స్టాప్‌లాస్‌ను 440 వద్ద పెడతారు. షేరుకు నష్టభయం 20 రూపాయలు. పాత కనిష్ఠమైన 400 వరకు వచ్చే లాభం కూడా 20 రూపాయలే. ఈ నిష్పత్తి ఆకర్షణీయమైనది కాదని దాచనక్కరలేదు. అందుకే 400 వద్ద సగం మాత్రమే తిరిగి కొని, మిగిలిన సగాన్ని షేరు చలన సగటుకు పైన ముగిసేవరకు ఉంచుతారు. పద్ధతికి లాభమంటూ వస్తే ఆ రెండవ సగం నుంచే వస్తుంది.

పది లక్షల మూలధనంలో 1 శాతం, అంటే 10,000 రూపాయలు మాత్రమే పోగొట్టుకోవడానికి సిద్ధపడితే, 20తో భాగించగా 500 షేర్లు అమ్మవచ్చు. పాఠ్యపుస్తకాల లెక్క సాధారణంగా ఇక్కడితో ముగుస్తుంది.

లెక్కకు అందని రోజు: యెస్ బ్యాంక్, మార్చి 2020

2018 ద్వితీయార్ధం నుంచి పతనధోరణిలో ఉన్న యెస్ బ్యాంక్‌పై 2020 మార్చి 5న మారటోరియం విధించారు. మరునాడు షేరు ఒక దశలో 6 రూపాయల లోపుకు పడింది. మార్చి 13న పునర్నిర్మాణ పథకం వెలువడింది. స్టేట్ బ్యాంకుతో పాటు ఇతర బ్యాంకులు 10 రూపాయల చొప్పున షేర్లు తీసుకుని మూలధనం సమకూర్చాయి. పథకంలో మరొక నిబంధన కూడా ఉంది. 100 కంటే ఎక్కువ షేర్లున్న పాత వాటాదారుల వద్ద ఉన్న వాటిలో 75 శాతం మూడేళ్లపాటు అమ్మరాదు.

తరువాతి ట్రేడింగ్ రోజు మార్చి 16. ఆనాటి ముగింపు సుమారు 37 రూపాయలు. 50 రోజుల సగటు కూడా అప్పుడు 35, 40 రూపాయల మధ్యనే ఉంది, తగ్గుతోంది. పటం మాత్రమే చూసేవారికి ఇంతకంటే చక్కని అమ్మకపు స్థానం దొరకదు. మరునాడు షేరు 60 రూపాయల దరిదాపులకు చేరింది. మార్చి 18న 80 రూపాయలు దాటి, అదేరోజు బాగా కిందికి దిగింది. నెలాఖరుకు 25 రూపాయల లోపే ఉంది.

ఈ ఉదంతంలో గమనించవలసిన విశేషం ఉంది. 37 వద్ద అమ్మినవారి అంచనా చివరికి నిజమైంది. అయితే రెండు రోజుల్లో వారి నష్టం అమ్మిన ధరను మించిపోయింది. పెరిగే ధరతోపాటు అదనపు మార్జిన్ చెల్లించలేనివారు నెలాఖరు వరకు నిలిచి ఉండటం అసాధ్యం. షేరు కొన్నవాడు నష్టపోతుంటే అతని పెట్టుబడి విలువ తగ్గుతూ పోతుంది, లేనిది అమ్మినవాడికి నష్టంతోపాటు బాధ్యత పరిమాణం కూడా పెరుగుతుంది.

కొత్త మూలధనం వచ్చిందన్న వార్త ధరను కొంత పెంచిందనడంలో సందేహం లేదు. కానీ మూడు రోజుల్లో మూడు రెట్లకు పైగా పెరిగి మళ్లీ అక్కడికే దిగడాన్ని ఆ వార్త ఒక్కటే వివరించలేదు. అమ్మదలచినవారి షేర్లలో ముప్పాతిక వంతు ఒక్కసారిగా బజారు నుంచి మాయమైంది. లేనిది అమ్మినవారు కొనవలసిన అవసరం మాత్రం అలాగే మిగిలింది. కొనక తప్పనివారు అమ్మేవారు లేని చోట పోటీపడటాన్నే స్క్వీజ్ అంటారు. చలన సగటు గతకాలపు ధరల నుంచి పుట్టింది. ఎన్ని షేర్లు అమ్మకానికి దొరుకుతాయన్నది దాని లెక్కలో లేనే లేదు.

నియంత్రణలు

వైఫల్యపు రోజు కోసం వేచి ఉండే నియమం ఇక్కడ కొంత రక్షించింది. మార్చి 16న గానీ 17న గానీ షేరు ముందురోజు కనిష్ఠం కిందికి ముగియలేదు కనుక సంకేతం రాలేదు. అయినా దీన్ని పూర్తి రక్షణ అనుకోరాదు. అమ్మకం జరిగిన రాత్రే అలాంటి ప్రకటన వెలువడి ఉండవచ్చు. స్టాప్‌లాస్ అన్నది ఆ ధర వద్ద అమ్మేవారు ఉంటేనే పనిచేసే ఆదేశం. ధర దాన్ని దాటి తెరుచుకుంటే దొరికిన ధరకు కొనవలసిందే.

అందువల్ల పరిమాణాన్ని రెండుసార్లు లెక్కించాలి. మన ఊహా ఉదాహరణలో 500 షేర్లు అన్నది స్టాప్‌లాస్ పనిచేస్తుందన్న నమ్మకంపై ఆధారపడిన లెక్క. షేరు 25 శాతం పైన, 525 వద్ద తెరుచుకుందనుకుంటే షేరుకు నష్టం 105 రూపాయలు, మొత్తం 52,500. అలాంటి అరుదైన రోజున మూలధనంలో 4 శాతానికి మించి పోరాదనుకుంటే 40,000ను 105తో భాగించాలి. సుమారు 380 షేర్లు వస్తాయి. రెండింటిలో చిన్న సంఖ్యే సరైనది. ఇక్కడ ఒక ఆచరణాత్మకమైన అడ్డంకి ఉంది. మన దేశంలో రిటైల్ మదుపరి నగదు విభాగంలో చేసిన షార్ట్‌ను సాధారణంగా అదేరోజు ముగించాలి. రోజుల తరబడి ఉంచాలంటే ఫ్యూచర్స్ మార్గం, వాటికి నిర్ణీత లాటు ఉంటుంది. లాటు 700 షేర్లయితే ఈ మూలధనానికి ఆ వ్యాపారం లేదనే అర్థం. అప్పుడు పుట్ ఆప్షన్ కొనవచ్చు. నష్టం ప్రీమియంకే పరిమితం, అయితే భారీ పతనం తరువాత ఆ ప్రీమియం చాలా ఖరీదుగా ఉంటుంది.

అమ్మడానికి ముందు చూడవలసినది షేర్ల లభ్యత. లాక్-ఇన్, బైబ్యాక్, ఓపెన్ ఆఫర్, రక్షణ పథకం వంటి ప్రకటన వెలువడినా, వెలువడే సూచన ఉన్నా పటం ఎంత అందంగా ఉన్నా ఆ షేరును వదిలేయాలి. ఓపెన్ ఇంటరెస్ట్ కూడా కొంత చెబుతుంది. ధర పెరుగుతుండగా అది తగ్గుతుంటే పాత షార్ట్‌లు బయటపడుతున్నారని, ఆ కొనుగోళ్లు త్వరలో తీరిపోతాయని భావించవచ్చు. ఈ పద్ధతికి కావలసిన ర్యాలీ అదే. ధర పెరుగుతున్నా అది తగ్గకపోతే, పైగా ఫ్యూచర్స్ ధర నగదు ధర కంటే తక్కువగా ఉంటే, చిక్కుకున్నవారు ఇంకా లోపలే ఉన్నారని అనుమానించాలి. ఓపెన్ ఇంటరెస్ట్ పరిమితిలో 95 శాతం దాటిన షేరులో ఎలాగూ కొత్త పొజిషన్లకు అనుమతి ఉండదు.

గడువు తేదీ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 2019 అక్టోబరు నుంచి అన్ని షేర్ల ఫ్యూచర్స్ గడువు రోజున డెలివరీతోనే ముగుస్తున్నాయి. అంటే అమ్మినవారు ఆనాటికి నిజంగా షేర్లు తెచ్చి ఇవ్వాలి. లేకపోతే ఎక్స్ఛేంజి వేలంలో కొని ఇప్పించే ధరను భరించాలి. గడువుకు ముందు వారంలో షార్ట్‌ను ముగించడమో, తరువాతి నెలకు మార్చడమో చేయాలి. సూచీ ఫ్యూచర్స్‌కు డెలివరీ లేదు, నగదు పరిష్కారమే. అందుచేత ఒక కంపెనీ షేరుకు వచ్చే లభ్యత సమస్య నిఫ్టీకి ఆ రూపంలో రాదు. కానీ 2009 మే 18న ఎన్నికల ఫలితాల తరువాత నిఫ్టీ అప్పర్ సర్క్యూట్‌ను తాకి ట్రేడింగ్ నిలిచిపోయింది. ఆ రోజు స్టాప్‌లాస్ పెట్టుకున్నవారికీ, పెట్టుకోనివారికీ తేడా లేకపోయింది. సూచీకి కూడా రెండవ లెక్క వేయవలసిందే.