చెక్కు బౌన్స్ అయితే నోటీసు అందిన తర్వాతి 15 రోజులే కీలకం

అప్పు తీర్చేందుకు ఇచ్చిన చెక్కు, ఖాతాలో డబ్బు చాలక తిరిగి వచ్చినంత మాత్రాన నేరం పూర్తయినట్లు కాదు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్, చెక్కు ఇచ్చిన వ్యక్తికి చివరి అవకాశం కల్పిస్తుంది. నోటీసు అందిన 15 రోజుల్లోగా చెక్కు మొత్తాన్ని చెల్లిస్తే, ఆ సెక్షన్ కింద కేసుకు ఆస్కారం ఉండదు.

ఉదాహరణకు, ఒక దుకాణదారు తాను తీసుకున్న 2 లక్షల రూపాయల అప్పుకు జూన్ 1వ తేదీతో చెక్కు ఇచ్చారనుకుందాం. ఆ చెక్కు మూడు నెలల పాటు చెల్లుతుంది. జూన్ 10న అది 'నిధులు చాలవు' అన్న బ్యాంకు మెమోతో రుణదాత చేతికి తిరిగి వచ్చింది. అప్పటి నుంచి 30 రోజుల్లోగా, అంటే జులై 10లోగా, రుణదాత రాతపూర్వక నోటీసు పంపాలి. అది దుకాణదారుకు జూన్ 20న అందితే, జులై 5 వరకు ఆయనకు గడువు ఉంటుంది. అప్పటికీ చెల్లించకపోతే, జులై 6 నుంచి నెలలోగా రుణదాత మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు. సరైన చిరునామాకు వచ్చిన రిజిస్టర్డ్ నోటీసును తీసుకోకుండా తిప్పి పంపడం వల్ల ప్రయోజనం లేదు. అది అందినట్లే కోర్టులు భావిస్తాయి.

చాలామంది పొరపడేది పాక్షిక చెల్లింపు విషయంలోనే. 15 రోజుల గడువులో 50 వేలు ఇచ్చి, మిగతాది తర్వాత ఇస్తానంటే ఈ సెక్షన్ నుంచి రక్షణ లభించదు. అయితే చెక్కును బ్యాంకులో వేయకముందే కొంత సొమ్ము చెల్లించి ఉంటే పరిస్థితి వేరు. ఆ చెల్లింపును చెక్కుపై నమోదు చేయకుండా మొత్తం సొమ్ముకు బ్యాంకులో వేస్తే, అది బౌన్స్ అయినా నేరం కాదని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

గడువులోగా రాజీ కుదిరితే సొమ్మును బ్యాంకు ద్వారానే చెల్లించడం మేలు. ఏ చెక్కుకు, ఏ తేదీ నోటీసుకు చెల్లించారో రాయించి రసీదు తీసుకోవాలి. అసలు చెక్కును వెనక్కు తీసుకోవడం మరువరాదు.

నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు గానీ, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. విచారణ దశలోనే చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారం చెల్లించాలని కోర్టు ఆదేశించవచ్చు. కేసు నడుస్తున్నా 147వ సెక్షన్ కింద రాజీకి వీలుంది. అయితే ఆలస్యమైన కొద్దీ అదనపు ఖర్చు పెరిగేలా సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది. నోటీసు గడువులోనే సొమ్ము చెల్లించిన వారికి ఆ భారం ఉండదు.