కోరిలేషన్ సున్నా వస్తే సంబంధం లేనట్టేనా?

ఢిల్లీ ఇళ్లలో కరెంటు వాడకం ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది. మే, జూన్ ఎండలకు ఏసీలు ఆగకుండా తిరుగుతాయి. డిసెంబరు, జనవరి చలికి గీజర్లు, రూమ్ హీటర్లు పని మొదలుపెడతాయి. మధ్యలో ఫ్యాన్ కూడా పెద్దగా అక్కర్లేని రోజుల్లో మీటరు నెమ్మదిస్తుంది. వాతావరణాన్ని బట్టే వాడకం మారుతోందని అక్కడ బిల్లు కట్టేవాళ్లందరికీ తెలుసు. అయినా ఆ వివరాలన్నీ కంప్యూటరుకు ఇచ్చి కోరిలేషన్ కట్టమంటే, ఉష్ణోగ్రతకూ వాడకానికీ సంబంధం లేదన్నట్టు సున్నాకు దగ్గర అంకె రావచ్చు.

అలా ఎందుకు వస్తుందో ఐదు రోజుల లెక్కతో చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవే. ఒక ఇంట్లో ఉష్ణోగ్రత 10, 17, 24, 31, 38 డిగ్రీలున్న రోజుల్లో వరుసగా 14, 8, 6, 8, 14 యూనిట్లు కాలాయి. సగటు ఉష్ణోగ్రత 24 డిగ్రీలు, సగటు వాడకం 10 యూనిట్లు. కోరిలేషన్ కట్టేటప్పుడు ప్రతిరోజూ ఉష్ణోగ్రత తన సగటుకు ఎంత దూరంలో ఉందో, వాడకం తన సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ రెండింటినీ గుణిస్తారు. చలి రోజున ఉష్ణోగ్రత 14 తక్కువ, వాడకం 4 ఎక్కువ కాబట్టి లబ్ధం మైనస్ 56. మండే ఎండ రోజున రెండూ ఎక్కువే కాబట్టి ప్లస్ 56. మిగిలిన రోజులవి 14, 0, మైనస్ 14. అన్నీ కూడితే సున్నా. చలి వైపు తరుగూ ఎండ వైపు పెరుగూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి.

లెక్కలో తప్పేమీ లేదు. 1890లలో కార్ల్ పియర్సన్ స్థిరపరచిన ఈ కొలత అడిగే ప్రశ్నే వేరు. ఒకటి పెరిగితే రెండోది గీత గీసినట్టు పెరుగుతుందా, తగ్గుతుందా అన్నదే దాని ప్రశ్న. సంబంధం వంపు తిరిగి లోయలా ఉంటే ఆ ప్రశ్నకు సరైన జవాబు సున్నాయే. విజయవాడలో చలికాలానికి రూమ్ హీటర్ల అవసరం పెద్దగా రాదు కాబట్టి, ఇంటి వాడకం ఎండతోపాటు ఒకే వైపు పెరుగుతుంది. అక్కడ కోరిలేషన్ బాగానే పనిచేస్తుంది. అందుకే ఒక ఊరి డేటాలో పనికొచ్చిన వడపోతను మరో ఊరికి కళ్లు మూసుకుని వాడకూడదు.

మ్యూచువల్ ఇన్ఫర్మేషన్ ఇంకో ప్రశ్న అడుగుతుంది: ఉష్ణోగ్రత తెలిస్తే వాడకం గురించి మన సందేహం ఎంత తగ్గింది? దీని మూలం క్లాడ్ షానన్ 1948లో బెల్ ల్యాబ్స్‌లో ఉండగా ప్రచురించిన సమాచార సిద్ధాంతంలో ఉంది. సందేహాన్ని బిట్లలో కొలుస్తారు. అవునో కాదో సమానంగా సాధ్యమైనప్పుడు ఉండే సందేహం ఒక బిట్.

ఇప్పుడు 120 రోజులు తీసుకుందాం. చలి రోజులు 40, హాయి రోజులు 40, ఎండ రోజులు 40. వాడకాన్ని ఎక్కువ, తక్కువ అని రెండుగా విడదీశాం. చలి రోజుల్లో 30, ఎండ రోజుల్లో 30 ఎక్కువ వాడకం ఉన్నవి. హాయి రోజుల్లో అలాంటిది ఒక్కటీ లేదు. మొత్తం మీద 60 ఎక్కువ, 60 తక్కువ కాబట్టి, ఏ వివరమూ తెలియకముందు సందేహం సరిగ్గా ఒక బిట్.

హాయి రోజు అని తెలిస్తే ఇక సందేహమే లేదు. చలి రోజో ఎండ రోజో అయితే నాలుగింట మూడు వంతులు ఎక్కువ వాడకమే. అక్కడ మిగిలే సందేహం 0.81 బిట్. మూడు రకాల రోజులకూ సగటు కడితే 0.54 బిట్ మిగులుతుంది. అంటే ఒక బిట్‌లో దాదాపు 0.46 తగ్గింది. ఆ తగ్గుదలే మ్యూచువల్ ఇన్ఫర్మేషన్. ఇదే పట్టికలో చలికి మైనస్ 1, హాయికి 0, ఎండకు 1 అని అంకెలు వేసి కోరిలేషన్ కడితే సున్నాయే వస్తుంది.

ఈ లెక్కలో చలి ముందా, ఎండ ముందా అన్న వరుసను మనం ఎక్కడా వాడలేదు. అందుకే సంబంధం ఏ ఆకారంలో ఉన్నా ఇది పట్టుకుంటుంది. అందుకే దీనికి దిక్కు కూడా తెలియదు. 0.46 అన్న అంకెను చూసి వాడకం పెరిగిందో తగ్గిందో చెప్పలేం. అది గ్రాఫ్ గీసి చూసుకోవలసిందే.

అసలు చిక్కు వేరే చోట ఉంది. పై పట్టికలో ఉష్ణోగ్రతకు బదులు తేదీ పెట్టి చూడండి. ప్రతి తేదీకీ ఒకే రోజు ఉంటుంది కాబట్టి, తేదీ తెలిస్తే ఆ రోజు వాడకం ఎక్కువో తక్కువో పట్టికలోనే కనిపిస్తుంది. సందేహం పూర్తిగా పోయి మ్యూచువల్ ఇన్ఫర్మేషన్ నిండుగా ఒక బిట్ వస్తుంది. రేపటి గురించి మాత్రం దానివల్ల ఏమీ తెలియదు. ఉష్ణోగ్రతను మరీ సన్నని గళ్లుగా కోసినా ఇదే జరుగుతుంది. రెండు కొలతలనూ పదేసి గళ్లుగా విడదీసి 500 వరుసల డేటా పెడితే, వాటి మధ్య ఏ సంబంధమూ లేకపోయినా సగటున 0.12 బిట్ దాకా కనిపిస్తుంది. అది గళ్లు పుట్టించిన అంకె.

గళ్ల బెడద తగ్గించడానికి క్రాస్కోవ్, స్టోగ్‌బవర్, గ్రాస్‌బెర్గర్ 2004లో దగ్గరి పొరుగు బిందువుల దూరాలతో లెక్కగట్టే పద్ధతి ఇచ్చారు. పైథాన్‌లో చాలామంది వాడే `mutual_info_regression` ఆ దారిలోనే నడుస్తుంది. అది ఇచ్చే అంకెలు బిట్లలో కాక నాట్లలో ఉంటాయి. ఒక బిట్ అంటే 0.693 నాట్.

ఏ పద్ధతి వాడినా అంకె నిజమో కాదో తేల్చే పరీక్ష ఒకటుంది. వాడకం కాలమ్‌ను పేకముక్కల్లా కలిపేసి, ఉష్ణోగ్రతతో దాని జతలు చెదిరిపోయాక మళ్లీ లెక్క కట్టాలి. ఇలా కొన్ని వందలసార్లు చేస్తే సంబంధమే లేనప్పుడు ఎంత అంకె వస్తుందో తెలుస్తుంది. మన 120 రోజుల పట్టికను కలిపితే సగటున 0.01 బిట్ చుట్టూ వస్తుంది, కాబట్టి 0.46 నమ్మదగినదే. తేదీ కాలమ్‌కు కలిపాక కూడా ఒక బిట్టే వస్తుంది, దాని మోసం అక్కడే బయటపడుతుంది. రోజువారీ డేటాలో ఒక జాగ్రత్త అవసరం. నిన్నటి ఎండా ఇవాళ్టి ఎండా ఒకేలా ఉంటాయి కాబట్టి, విడి రోజులుగా కాకుండా కొన్ని వారాల ముక్కలుగా కలపాలి. లేకపోతే పరీక్ష మరీ సులువైపోతుంది.

ఇన్ని చేసినా ఒక్కో కాలమ్‌నే విడిగా చూస్తే దొరకని సంబంధాలు ఉంటాయి. మెట్ల దగ్గర కిందొకటి, పైనొకటి స్విచ్‌లతో వెలిగే బల్బునే తీసుకోండి. కింది స్విచ్ ఎటు ఉందో మాత్రమే తెలిస్తే బల్బు వెలుగుతోందో లేదో చెప్పలేం. పై స్విచ్ సంగతీ అంతే. విడివిడిగా రెండింటికీ సున్నా బిట్లు, కలిపి చూస్తే పూర్తి బిట్. కాబట్టి మ్యూచువల్ ఇన్ఫర్మేషన్ సున్నా వచ్చిందని కూడా కాలమ్‌ను తొందరపడి తీసేయకూడదు.

డేటాతో పనిచేసేవారు రెండు కొలతలనూ పక్కపక్కన పెట్టుకోవడం మంచిది. కోరిలేషన్ గట్టిగా ఉంటే దిక్కు, బలం రెండూ తెలుస్తాయి కాబట్టి దానితోనే మొదలుపెట్టండి. అది సున్నాకు దగ్గరగా ఉండి, మ్యూచువల్ ఇన్ఫర్మేషన్ మాత్రం కలిపిన డేటా ఇచ్చే అంకెకన్నా బాగా పైన ఉంటే, అక్కడ ఏదో వంపు ఉందని అర్థం. ఆ కాలమ్‌ను పారేయకుండా ముందు దాని గ్రాఫ్ గీయండి.