పడమటి గోడ దేనితో కట్టాలి?

రెంటచింతల: ఎండల మాట వస్తే ముందు వినపడే పేరు రెంటచింతల. మే నెలలో ఇక్కడ పొద్దు వాలినా ఇళ్లల్లో ఉడుకు తగ్గదు. అర్ధరాత్రి దాకా మంచాలు వాకిట్లోనే ఉంటాయి. ఈ మండలంలోని ఒక గ్రామంలో 2024లో ఇల్లు కట్టుకున్న ఓ రైతుకు ఇదే బెంగ పట్టుకుంది. ఆయన తల్లికి ఎనభై ఏళ్లు. మంచం దిగి వాకిట్లోకి రాలేదు. ఆమెకు ఇవ్వగలిగింది పడమటి గది ఒక్కటే.

మేస్త్రీ హాలో బ్లాకులన్నాడు. బావమరిది కాల్చిన ఇటుకలన్నాడు. దిమ్మిసతో మట్టిగోడ కొట్టిద్దామన్నది రైతు ఆలోచన.

గోడ ఎండను ఆపదు, ఆలస్యం మాత్రమే చేస్తుంది. చాలామంది గమనించని సంగతి ఇది. సాయంత్రం నాలుగింటికి పడమటి గోడ మీద పడిన వేడి 8 అంగుళాల హాలో బ్లాకు గోడలోంచి నాలుగైదు గంటల్లో లోపలికి దిగుతుంది. అంటే సరిగ్గా పడక వేళకు. 9 అంగుళాల ఇటుక గోడైతే ఆరేడు గంటలు పడుతుంది. 12 అంగుళాల మట్టిగోడ తొమ్మిది పది గంటలు పట్టి ఉంచుతుంది, అది కూడా చాలావరకు తగ్గించి వదులుతుంది. తెల్లవారుజామున బయట గాలి చల్లబడి ఉంటుంది కనుక కిటికీ తీస్తే ఆ వేడి నిలవదు. కిటికీ మూసుకుంటే మాత్రం మందం గోడ గదిని రాత్రంతా వెచ్చగానే ఉంచుతుంది. మట్టిగోడ కట్టి గాలికి దారి లేకుండా చేసుకున్నవారు అందుకే నిరాశపడతారు.

హాలో బ్లాకు మధ్యలో ఖాళీ ఉంది కదా, వేడి రాదు కదా అనేవారూ ఉన్నారు. ఆ ఖాళీ కొంత మేలు చేస్తుంది గానీ, రెండు వైపులనూ కలిపే కాంక్రీటు అడ్డగోడల గుండా వేడి నడుస్తూనే ఉంటుంది.

ఇక ఖర్చు. మట్టి అంటే ఊరికే వస్తుందనుకుంటే పొరపాటు. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గోడను లెక్క వేద్దాం. 9 అంగుళాల ఇటుక గోడకు రమారమి 1000 ఇటుకలు, కట్టుబడికి 3 బస్తాల సిమెంటు, రెండు వైపులా పూతకు మరో 2 బస్తాలు కావాలి. 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తు ఉన్న హాలో బ్లాకులు 115 చాలు. కట్టుబడికి సిమెంటు ఒక బస్తా, పూత ఇటుక గోడకు మల్లేనే. పనీ త్వరగా తెములుతుంది. అందుకే మేస్త్రీలకు ఇష్టం. మట్టిగోడకు నూటికి 6 పాళ్లు సిమెంటు కలిపితే దాదాపు 7 బస్తాలవుతుంది. ఇటుక గోడ కంటే ఎక్కువే! పైగా ఐదుగురు కూలీలకు నాలుగు రోజుల పని. మిగిలేది ఆ వెయ్యి ఇటుకల ధర, పూత ఖర్చు. మన్ను సొంత నేలలోనే దొరికి, ఇంటి మనుషులు చేయి వేస్తేనే మట్టిగోడ చవక.

ఆ మన్నైనా అన్ని నేలల్లో దొరకదు. నల్లరేగడి పనికిరాదు, ఆరితే పగుళ్లిస్తుంది. ఎర్ర గరుసు నేల మేలు. గాజు సీసాలో మూడో వంతు మన్ను పోసి నీళ్లు నింపి బాగా కుదిపి ఒక రోజు కదపకుండా ఉంచాలి. అడుగున ఇసుక, పైన బంక పేరుకుంటాయి. మొత్తం మన్నులో బంక పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఉంటే సరి. అంతకు మించితే ఇసుక కలపాలి. తడి సరిపోయిందో లేదో చూడటానికి పిడికెడు మన్ను ముద్ద చేసి రొమ్ము ఎత్తు నుంచి వదలాలి. నాలుగైదు ముక్కలైతే సరైన తడి. చప్పగా అణిగిపోతే నీరెక్కువ, పొడిపొడిగా రాలితే తక్కువ.

పలకల చట్రంలో 6 అంగుళాల మందాన మన్ను పోసి 4 అంగుళాలకు దిగేదాకా దిమ్మిసతో కొట్టాలి. మొదట్లో మెత్తగా ఉన్న చప్పుడు గట్టిగా మోగేటప్పుడు ఆ వరుస పూర్తయినట్టు. సిమెంటు కలిపిన మన్నును గంటలోపే వాడేయాలి, పూర్తయిన గోడకు వారం పైబడి తడి పెట్టాలి. అడుగున అడుగున్నర రాతి కట్టు, పైన రెండడుగుల చూరు తప్పనిసరి. వానచినుకు నేలమీద పడి ఎగిరి గోడ అడుగును తినేయడం మట్టిగోడకు పెద్ద శత్రువు.

రైతు చివరకు పడమటి గోడ ఒక్కటీ మట్టితో కొట్టించి, మిగతావన్నీ హాలో బ్లాకులతో కట్టించారు. రెండు రకాల గోడలు కలిసే మూలలో పళ్లు పెట్టి కట్టడానికి మేస్త్రీ సిద్ధపడితే ఆయన ఒప్పుకోలేదు. మట్టిగోడ ఆరినప్పుడు కొంచెం కుంగుతుంది. పళ్లు పెడితే అక్కడే చీలుతుంది. నిటారుగా సందు వదిలి, పైన కిటికీల ఎత్తున కాంక్రీటు పట్టీతో రెంటినీ కలిపారు. స్లాబు మీద పిడుగురాళ్ల సున్నం రెండు పూతలు వేయించారు. పగలంతా ఎండ కాసేది కప్పు మీదే కనుక, దాన్ని వదిలేసి గోడ మందం పెంచినా లాభం లేదు.

2025 మే నెలలో ముసలమ్మ గదిలోనే పడుకున్నారు. మధ్యాహ్నం ఆ గదే ఇంట్లో చల్లగా ఉంటోందని కోడలు అంటున్నారు. రాత్రి మూడు గంటల వేళ మాత్రం గోడ వెచ్చబడుతోందట. పొద్దుగూకగానే కిటికీలు రెండూ తీసి పెడుతున్నారు.