ఆ శతకం ఎవరూ రాయలేదు

పోయిన సంచిక కోసం మా ఊరి హరికథా కవి ఒకాయన గురించి రాద్దామనుకున్నాను. వివరాలు దొరక్క ఒక ఏఐ టూల్‌ని అడిగా. ఆయన 1894లో పుట్టారని చెప్పి, రాసిన శతకం పేరు కూడా ఇచ్చింది. వ్యాసం పూర్తి చేసి, ఎందుకైనా మంచిదని ఆయన మనవరాలికి ఫోన్‌లో చదివి వినిపించాను. ఆవిడ నవ్వేసి, "మా తాతయ్య శతకమే రాయలేదు నాయనా" అన్నారు.

దీన్నే హాలుసినేషన్ అంటున్నారు. ఆ పేరు నాకు అంతగా నచ్చదు. భ్రమ పడ్డ మనిషి లేనిదాన్ని చూస్తాడు. ఈ టూల్ నిజం చెప్పేటప్పుడూ దేన్నీ చూడదు. బోలెడంత రాతని చదివి, ఏ ముక్క తర్వాత ఏ ముక్క వచ్చే అవకాశం ఎంతో నేర్చుకుంది. ఒక ముక్క ఎంచుకుంటుంది, దాన్ని వాక్యానికి తగిలిస్తుంది, మళ్ళీ తర్వాతి ముక్క. నిజమైనా అబద్ధమైనా పని ఇదే.

గురజాడ పుట్టిన సంవత్సరం అడిగామనుకోండి. 1862 అని ఎన్నోచోట్ల రాసి ఉంది కాబట్టి ఆ అంకెకే బలం ఎక్కువ. మా కవి గురించి నెట్‌లో నాలుగు వాక్యాలు కూడా లేవు. అప్పుడు 1889, 1894, 1901 అన్నీ దాదాపు సమానమే. వాటిలో ఏదో ఒకటి బయటికొస్తుంది. ఆ కాలం కవుల పరిచయాల్లో శతకం మామూలే కదా, అందుకని ఒక శతకమూ పుట్టింది. గొంతులో తడబాటు మాత్రం ఉండదు, అదే చిక్కు.

మరి "తెలీదు" అనొచ్చుగా? ఈ మోడళ్ళకి పెట్టే పరీక్షలు చాలావరకు మన ఎంసెట్ లాంటివే, నెగెటివ్ మార్కులుండవు. ఖాళీగా వదిలితే సున్నా, గుడ్డిగా పెడితే ఒక్కోసారి మార్కు.

తర్వాత అదే ప్రశ్నని నాలుగుసార్లు, ప్రతిసారీ కొత్త చాట్‌లో అడిగి చూశాను. గురజాడ సంవత్సరం మారలేదు. మా కవి మాత్రం నాలుగుసార్లూ వేర్వేరు ఏళ్ళలో పుట్టారు! జవాబు ఊగుతుంటే అనుమానించాల్సిందే. అయితే ఊగకపోతే నిజమని కాదు. నలుగురూ తప్పే రాసి ఉంటే ఇదీ స్థిరంగా తప్పే చెబుతుంది.

"ఇది నిజమేనా?" అని దాన్నే అడగడం మాత్రం దండగ. 2023లో న్యూయార్క్‌లో, ఒక విమాన సంస్థ మీద వేసిన కేసులో, ఓ లాయరు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పుల్ని కోర్టుకి సమర్పించాడు. అందులో ఒకటి నిజమైన కేసేనా అని దాన్నే అడిగితే అవునంది. అలాంటి తీర్పే లేదు. 5,000 డాలర్ల జరిమానా పడింది.

ఇంటర్నెట్‌లో వెతికి చెప్పే టూల్స్‌లో ఈ బెడద కొంత తక్కువ. కానీ పేజీ తెరిచి చదవాల్సింది మనమే. మా కవి గురించి తెరవడానికి పేజీ కూడా లేదు. పుట్టిన సంవత్సరం మనవరాలికీ గుర్తు లేదు. వ్యాసంలో ఆ చోట "తెలియదు" అని రాశాను.