మూతపడ్డ కంపెనీ డబ్బు ఏ వరుసలో ఎవరికి?

2019 ఏప్రిల్ 17 రాత్రితో జెట్ ఎయిర్‌వేస్ విమానాలు ఆగిపోయాయి. అప్పటికే నెలల తరబడి జీతాలు అందని సిబ్బంది ఉన్నారు. ముందుగా టికెట్లు కొనుక్కున్న ప్రయాణికులు, సరుకూ సేవలూ అందించి బిల్లుల కోసం చూస్తున్న వ్యాపారులు, వేల కోట్లు అప్పిచ్చిన బ్యాంకులు కూడా ఉన్నారు. ఆ జూన్‌లో కేసు ముంబయిలోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు చేరింది. 2021లో జలాన్-కల్‌రాక్ బృందం సంస్థను నిలబెడతామని ఇచ్చిన ప్రణాళికకు ఆమోదం దొరికింది కానీ, అది అమలు కాలేదు. చివరికి 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు సంస్థను లిక్విడేషన్‌కు పంపింది. అంటే ఉన్న ఆస్తులు అమ్మి, వచ్చిన డబ్బు పంచి, కంపెనీని మూసేయమని.

అలా వచ్చిన డబ్బు ఏ కంపెనీ విషయంలోనూ బాకీలన్నిటికీ చాలదు. చాలేటట్టుంటే అసలు ఇక్కడిదాకా రాదు. కాబట్టి ముందు ఎవరికివ్వాలన్నదే అసలు ప్రశ్న. దీనికి జవాబు 2016 నాటి దివాలా చట్టంలోని 53వ సెక్షన్‌లో ఉంది. కంపెనీలో పనిచేసేవాళ్ళూ, కంపెనీకి సరుకు వేసేవాళ్ళూ ఈ ఒక్క సెక్షన్ గురించైనా తెలుసుకుని ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. మూతపడ్డాక తెలుసుకుంటే చేయగలిగేది చాలా తక్కువ.

సూత్రం పెళ్ళి భోజనాల బంతి లాంటిది. మొదటి బంతికి పూర్తిగా వడ్డించాకే రెండో బంతి కూర్చుంటుంది. మొదటి బంతికే వంట అయిపోతే రెండో బంతివాళ్ళకు మెతుకు కూడా ఉండదు. పైవరుసలో ఉన్నవాళ్ళ బాకీ ఆఖరి రూపాయి దాకా తీరితే తప్ప కిందివరుసకు పైసా దిగదు. ఒకే వరుసలో ఉన్నవాళ్ళకు మాత్రం, డబ్బు చాలకపోతే, ఎవరి బాకీ ఎంతో ఆ నిష్పత్తిలో పంచుతారు.

మన చట్టంలో అన్నిటికన్నా ముందు దివాలా ప్రక్రియకూ, ఆస్తుల అమ్మకానికీ అయిన ఖర్చులు తీరాలి. తర్వాతి వరుసలో ఇద్దరు సమానంగా నిలబడతారు. ఒకరు కార్మికులు, లిక్విడేషన్ ఆదేశానికి ముందు 24 నెలల బాకీల మేరకు. రెండోవారు తాకట్టు పెట్టుకుని అప్పిచ్చి, ఆ తాకట్టును లిక్విడేటర్‌కు వదిలేసిన బ్యాంకులు. ఆ తర్వాత కార్మికులు కాని ఉద్యోగుల 12 నెలల జీతాలు. తర్వాత తాకట్టు లేకుండా అప్పిచ్చిన ఆర్థిక రుణదాతలు. ఆ కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల రెండేళ్ళ బకాయిలు. ఇంకా కింద సరుకు వేసిన వ్యాపారులతో సహా మిగిలిన బాకీదారులందరూ. అట్టడుగున ప్రిఫరెన్స్ వాటాదారులు, ఆఖరున మామూలు వాటాదారులు.

అంకెల్లో చూస్తేనే దీని పదును తెలుస్తుంది. ఒక మిల్లు మూతపడిందనుకుందాం. ఆస్తులన్నీ అమ్మితే 100 కోట్లు వచ్చాయి, ప్రక్రియ ఖర్చు 8 కోట్లు పోయింది, 92 కోట్లు మిగిలాయి. తాకట్టు వదిలేసిన బ్యాంకులకు రావాల్సింది 150 కోట్లు, కార్మికుల 24 నెలల బాకీ 30 కోట్లు. ఆ వరుస మొత్తం 180 కోట్లు. ఉన్న 92ను 180కి పంచితే రూపాయికి 51 పైసలు పడుతుంది. బ్యాంకులకు సుమారు 76.7 కోట్లు, కార్మికులకు 15.3 కోట్లు వెళ్తాయి. అంతటితో డబ్బు అయిపోయింది. ఆఫీసు ఉద్యోగులకు, వాణిజ్య పన్నుల శాఖకు, ఆ మిల్లుకు ముడిసరుకు అరువిచ్చిన ఊరి వ్యాపారికి ఒక్క రూపాయి కూడా రాదు. అతను ఎంత నిజాయితీగా సరుకు వేశాడన్న దానికి ఈ లెక్కలో చోటు లేదు.

అదే మిల్లు 200 కోట్లకు అమ్ముడైతే? ఖర్చులు పోను 192. కార్మికుల, బ్యాంకుల 180 కోట్లు పూర్తిగా తీరతాయి. మిగిలిన 12లో ఉద్యోగులకు రావాల్సిన 4 కోట్లు పూర్తిగా వస్తాయి. తాకట్టు లేని రుణదాతల బాకీ 16 కోట్లయితే, మిగిలిన 8 కోట్లతో వాళ్ళకు అర్ధరూపాయి చొప్పున అందుతుంది. ప్రభుత్వానికీ, సరుకు వ్యాపారికీ మళ్ళీ సున్నాయే. ఆస్తుల ధర రెట్టింపయినా వరుస చివరన ఉన్నవాడి చేతికి ఏమీ రాలేదు.

కార్మికులకు బ్యాంకుల సరసన ఈ చోటు ఊరికే దొరకలేదు. పాత కంపెనీల చట్టంలో తాకట్టు ఉన్న రుణదాత లిక్విడేషన్ బయటే నిలబడి తన ఆస్తి తాను అమ్ముకునేవాడు. కార్మికులు మిగిలినదాంట్లో పన్నుల శాఖతో కలిసి పంచుకోవాల్సి వచ్చేది. 1985లో చట్టాన్ని సవరించి, కార్మికుల బాకీని తాకట్టు రుణంతో సమానం చేశారు. 2016 చట్టం ఆ సమానత్వాన్ని నిలిపింది కానీ, దానికి 24 నెలల గడి కట్టింది. ప్రభుత్వాన్ని మాత్రం పైనుంచి కిందికి దించింది. వసూలవుతుందన్న భరోసా ఉంటేనే అప్పిచ్చేవాళ్ళు ముందుకొస్తారన్నది దాని వెనకున్న ఆలోచన.

బ్యాంకు తాకట్టు వదలకుండా, ఆ యంత్రాలో భూమో తానే అమ్ముకోవచ్చు కూడా. 52వ సెక్షన్ అందుకు అనుమతిస్తుంది. అయితే ఆ దారిలోనూ కార్మికుల వాటాను లిక్విడేటర్‌కు కట్టాల్సిందే. అమ్మగా వచ్చింది అప్పుకు చాలకపోతే, మిగిలిన బాకీకి బ్యాంకు ప్రభుత్వంతో పాటు కిందివరుసలో నిలబడాలి. అందుకే తాకట్టు విలువ మీద పూర్తి నమ్మకం ఉంటే తప్ప బ్యాంకులు ఈ దారి పట్టడానికి జంకుతాయి.

ప్రభుత్వాలు తమ స్థానాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. గుజరాత్ వ్యాట్ చట్టం పన్ను బకాయికి ఆస్తి మీద మొదటి హక్కు ఇస్తోంది కాబట్టి ఆ శాఖ కూడా తాకట్టు రుణదాతేనని 2022లో రెయిన్‌బో పేపర్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్క తీర్పుతో పన్ను బకాయి మూడు మెట్లు పైకెక్కి కార్మికుల పక్కన కూర్చునే పరిస్థితి వచ్చింది. పై ఉదాహరణలో పన్ను బాకీ 20 కోట్లుండి అది కూడా ఆ వరుసలో చేరితే, కార్మికుడి రూపాయికి 51 పైసలు కాస్తా 46కు పడిపోతుంది. మరుసటి ఏడాది మరో తీర్పులో అదే కోర్టు, రెయిన్‌బో పేపర్స్‌లో 53వ సెక్షన్ వరుసను పరిగణించలేదని, ఆ తీర్పును దాని సందర్భానికే పరిమితం చేయాలని అంది. 2025 ఆగస్టులో పార్లమెంటులో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు కూడా, ఒప్పందం ద్వారా ఏర్పడ్డ తాకట్టుకే ఆ హోదా ఉంటుందని స్పష్టం చేయబోయింది.

ఈ లెక్కలన్నిటినీ తలకిందులు చేసేది ఆలస్యం. మన మిల్లునే మరో రెండేళ్ళు తాళం వేసి ఉంచారనుకోండి. యంత్రాలు తుప్పుపట్టి 80 కోట్లకే పోతాయి, కాపలా, వకీళ్ళు, వేలాల ఖర్చు 12 కోట్లకు పెరుగుతుంది. 68 కోట్లను 180కి పంచితే రూపాయికి 38 పైసలు కూడా పడదు. కార్మికులకు 15.3 కోట్లు రావాల్సిన చోట 11.3 కోట్లే వస్తాయి.

దానికన్నా కనిపించని నష్టం ఆ 24 నెలల గడిలో ఉంది. ఆ రెండేళ్ళు కంపెనీ మూతపడిన రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టేవి కావు, లిక్విడేషన్ ఆదేశం వచ్చిన రోజు నుంచి వెనక్కి. జెట్ విషయంలో 2024 నవంబరు నుంచి వెనక్కి వెళ్తే 2022 నవంబరు దగ్గర ఆగుతాం. విమానాలు ఆగి అప్పటికే మూడున్నరేళ్ళు. నిజంగా పనిచేసి జీతం రాని 2019 నాటి నెలలు ఆ గడికి బయటే ఉండిపోతాయి. గడి దాటిన పాత బాకీ సరుకు వ్యాపారుల వరుసలోకి, అంటే సాధారణంగా ఏమీ రాని వరుసలోకి జారిపోతుంది. దివాలా ప్రక్రియ నడుస్తున్న కాలపు జీతం ఖర్చుల కింద ముందు వరుసలో తీరాలంటే, ఆ కాలంలో కంపెనీ నిజంగా నడిచి, కార్మికుడు నిజంగా పనిచేసి ఉండాలని ఏబీజీ షిప్‌యార్డ్ కేసులో 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. తాళం వేసిన గేటు బయట ఎదురుచూసినవాడికి ఆ దారీ లేదు. ప్రక్రియ 330 రోజుల్లో ముగియాలని చట్టంలోనే రాసి ఉన్నా అయిదేళ్ళు సాగితే, ఆ సాగుడు ఖరీదును కార్మికుడు రెండుసార్లు చెల్లిస్తున్నాడు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. గడిని పని ఆగిన తేదీ నుంచి లెక్కపెట్టేలా చట్టం మారాలి.

ఈ వరుసకే అందని డబ్బు ఒకటుంది. ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్, పెన్షన్ ఫండ్, గ్రాట్యుటీ ఫండ్‌ల నుంచి రావాల్సిన సొమ్ము కంపెనీ ఆస్తిలో భాగమే కాదని 36వ సెక్షన్ అంటుంది. బ్యాంకులు దాన్ని తాకలేవు. అయితే గ్రాట్యుటీకి కంపెనీ విడిగా నిధి పెట్టకపోతే ఈ రక్షణ ఎంతవరకూ వర్తిస్తుందన్న దానిపై పేచీ మొదలవుతుంది. కంపెనీ నడుస్తున్నప్పుడే నిధి ఉందా లేదా అని అడిగి తెలుసుకోవడం మేలు. జీతంలోంచి పట్టుకున్న పీఎఫ్ పాస్‌బుక్‌లో జమకాకపోతే, కష్టాలు మొదలయ్యాయనడానికి అదే తొలి గుర్తు అవుతుంది. సరుకు వేసేవాళ్ళకైతే 45 రోజుల్లో వచ్చే బిల్లు 90 రోజులకు, తర్వాత 150కి జరగడం అలాంటి గుర్తు. ఆ దశలోనే అరువు తగ్గించుకోవాలి, లేదా బ్యాంకు గ్యారంటీ అడగాలి. కేసు ట్రిబ్యునల్ మెట్లెక్కాక మారటోరియం వస్తుంది, వసూలు దావాలన్నీ ఆగిపోతాయి.

లిక్విడేషన్ ఆదేశం వచ్చాక లిక్విడేటర్ పత్రికా ప్రకటన ఇస్తారు. ఆదేశం తేదీ నుంచి 30 రోజుల్లోగా ఎవరి క్లెయిమ్ వాళ్ళు వేయాలి. జీతం చీటీలు, నియామక పత్రం, హాజరు వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేయాలి. బాకీని నెలలవారీగా విడగొట్టి, ఏ నెలది ఎంతో చూపాలి. 24 నెలల గడిలోకి ఏది వస్తుందో తేలేది దానితోనే. కార్మికుడా, ఉద్యోగా అన్నది హోదా పేరును బట్టి కాదు, చేసిన పనిని బట్టి తేలుతుంది కాబట్టి సూపర్‌వైజర్ అని పిలిపించుకున్నవాళ్ళు తాము నిజంగా చేసిన పనేమిటో రాసి పెట్టాలి. వరుస మారితే 24 నెలలు కాస్తా 12 అవుతాయి. లిక్విడేటర్ క్లెయిమ్‌ను తిరస్కరిస్తే, ఆ నిర్ణయం అందిన 14 రోజుల్లోగా ఆ కేసు చూస్తున్న ట్రిబ్యునల్ బెంచిలో, మన రాష్ట్రాల కంపెనీలకైతే హైదరాబాద్‌లోనో అమరావతిలోనో, అప్పీలు వేసుకోవచ్చు.