కూర, పప్పు ముందు... అన్నం తర్వాత: షుగర్ నిజంగా తగ్గుతుందా?

మద్రాసులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, మన ఇళ్లలో భోజనమంటే పప్పన్నంతోనే మొదలు. అదే పప్పు, అదే కూర, అదే అన్నం. కానీ కూర, పప్పు ముందు తిని అన్నం చివర తింటే షుగర్ అంతగా ఎగరదని డాక్టర్లు కొందరు చెబుతున్నారు. ఇందులో నిజమెంత?

2015లో అమెరికాలో 11 మంది షుగర్ రోగులకు ఒకే భోజనాన్ని రెండు రకాలుగా పెట్టి చూశారు. ఒక రోజు రొట్టె, పండ్ల రసం ముందు ఇచ్చి, పావుగంట తర్వాత కోడిమాంసం, కూరగాయలు ఇచ్చారు. మరో రోజు ఈ వరుస తిప్పారు. రొట్టె చివర తిన్న రోజు గంట తర్వాత చూసిన షుగర్ సుమారు 37 శాతం తక్కువగా ఉంది. 2016లో జపాన్ వైద్యులు మన లాంటి అన్నంతోనే పరీక్షించారు. చేప గానీ మాంసం గానీ తిని, పావుగంట ఆగి అన్నం తింటే షుగర్ పెరుగుదల తగ్గింది.

కారణం కష్టమైనదేమీ కాదు. మాంసకృత్తులు, పీచు ముందుగా చేరితే కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. అన్నంలోని పిండి రక్తంలోకి ఒక్కసారిగా కాక మెల్లగా చేరుతుంది.

అయితే ఈ పరీక్షల్లో ఉన్నది కొద్దిమందే, చూసింది ఒక్కో పూట భోజనమే. ఆ పూట పెరుగుదల తగ్గుతుందనడానికి ఆధారం బాగానే ఉంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా ఇంతే తగ్గుతుందనడానికి ఆధారం ఇంకా బలహీనమే. కాబట్టి ఇది మందుకు బదులు కాదు.

చేసి చూడాలంటే, ముందు ఒక కప్పు బీరకాయో బెండకాయో ఆకుకూరో, దానితో ఒక గిన్నె పప్పు గానీ గుడ్డు గానీ చేప గానీ తినండి. పది పదిహేను నిమిషాలు ఆగి, రోజూ తినే అన్నంలో ఒక్క ముద్ద కూడా పెంచకుండా తినండి. బంగాళాదుంప, చేమదుంప, కంద వేపుళ్లు అన్నం కోవకే వస్తాయి, వాటిని ముందు తింటే లాభం లేదు.

ఫలితం మీ గ్లూకోమీటరే చెబుతుంది. ఒకే వంటతో, ఒకే కొలత అన్నంతో, ఒక రోజు పాత వరుసలో, మరో రోజు కొత్త వరుసలో తినండి. తినకముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి గంటకు, రెండు గంటలకు చూడండి. మీటర్‌లోనే 15 శాతం దాకా తేడా రావచ్చు. కాబట్టి 195, 185 మధ్య తేడాను నమ్మకండి. రెండు మూడు సార్లు చూసినా 220 బదులు 170 లాంటి అంకె వస్తే అది నిజమైన మార్పు.

భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకునేవారు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవారు డాక్టర్‌ను అడిగాకే వరుస మార్చాలి. మందు పనిచేసే వేళకు అన్నం ఇంకా జీర్ణం కాకపోతే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. కిడ్నీ జబ్బున్నవారు పప్పు, గుడ్డు పెంచే ముందు డాక్టర్‌ను అడగాలి.