4.3 కండర తంతువు రెండు రకాలుగా పెరుగుతుందా?

కండర తంతువు ఘనపరిమాణంలో సుమారు 80 శాతం మయోఫైబ్రిల్స్ ఉంటాయి. బలాన్ని పుట్టించేవి ఇవే. వీటి చుట్టూ నీరు, గ్లైకోజన్, ఎంజైములు గల సార్కోప్లాజం ఉంటుంది. వ్యాయామంతో తంతువు లావైనప్పుడు సాధారణంగా రెండూ దాదాపు ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి.

దీనికి భిన్నమైన ఒక ఫలితాన్ని గమనించండి. 2019లో అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, బరువులెత్తడంలో అనుభవమున్న యువకులచేత 6 వారాలు అధిక సంఖ్యలో సెట్లు చేయించిన అధ్యయనాన్ని ప్రచురించారు. విశ్లేషించిన 15 మందిలో తంతువుల అడ్డుకోత వైశాల్యం పెరిగింది. ఆక్టిన్, మయోసిన్‌ల గాఢత మాత్రం తగ్గింది. అంటే సార్కోప్లాజం వాటా పెరిగిందన్నమాట. అయితే ఆ 15 మందీ తంతువులు బాగా పెరిగినవారిలోంచి ఎంపికైనవారే. కాబట్టి ఈ ఫలితాన్ని అందరికీ వర్తింపజేయలేం. 'తక్కువ బరువు, ఎక్కువ సార్లు' ఎత్తితే సార్కోప్లాజం మాత్రమే పెరుగుతుందన్న ప్రచారానికి ఇది రుజువు కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: తంతువు లావైనా మయోసిన్ గాఢత ఎందుకు తగ్గవచ్చు?